కాలు జారితే నవ్వెందుకు వస్తుంది?

ఎదురుగా నడుస్తున్న మనిషి కాలు జారి చతికిలబడితే, చూసినవారికి చాలాసార్లు ముందు వచ్చేది నవ్వే. అయ్యో అనిపించడం, లేపుదామని చేయి చాచడం, నవ్వినందుకు నొచ్చుకోవడం అన్నీ దాని వెనకే వస్తాయి. పడినవాడు గిట్టనివాడు కానక్కర్లేదు. సొంత తమ్ముడు పడినా, ప్రాణస్నేహితుడు పడినా ఇదే తంతు. ఒక చేత్తో పైకి లేపుతూ, పెదవి బిగబట్టి, అదీ చాలక మొహం పక్కకు తిప్పుకున్నా భుజాలు ఎగిరెగిరి పడుతూనే ఉంటాయి. నవ్వకూడదని తెలిసీ ఆపుకోలేకపోవడమే ఈ నవ్వులోని విశేషం. అందుకే దీన్ని మనిషిలోని క్రూరత్వమని ఒక్క మాటలో తేల్చేయడం సరికాదు.

పడటమంటూ జరిగితే చాలు నవ్వు వచ్చేస్తుందా అంటే, అదీ లేదు. ఎనభై ఏళ్ల పెద్దావిడ స్నానాల గదిలో జారిపడితే ఇంటిల్లిపాదికీ గుండె గుభేలుమంటుంది. నిండు గర్భిణి మెట్ల మీద తూలితే చూసినవారి ఊపిరి ఆగిపోతుంది. పరంజా మీద నుంచి మేస్త్రీ పడితే వీధంతా కేకలు వేస్తూ పరుగెడుతుంది. అక్కడ నవ్వే మనిషిని చుట్టుపక్కలవారు క్షమించరు. నిజానికి అలాంటప్పుడు ఎవరికీ నవ్వు రాదు కూడా. అంటే చూసేవారి మనసు రెప్పపాటులో ఈ పడటాలను రెండుగా విడదీస్తోంది. ఏ లెక్కన విడదీస్తోంది, అంత త్వరగా ఎలా తేల్చుకుంటోంది అన్నదాంట్లోనే ఈ నవ్వుకు కారణం ఉంది.

ముందు జారడం సంగతి చూడాలి, ఎందుకంటే ఆ దృశ్యంలోనే నవ్వు సగం దాగి ఉంది. నడకలో ముందుకు వేసిన కాలి మడమ నేలకు ఆనే క్షణం చాలా సున్నితమైనది. శరీరం బరువు అప్పుడే ఆ కాలి మీదికి మారుతూ ఉంటుంది. పాదానికీ నేలకూ మధ్య తగినంత ఘర్షణ ఉంటేనే ఆ మడమ నిలుస్తుంది. చదునైన నేల మీద మామూలు నడకకు కావలసిన ఘర్షణ గుణకం దాదాపు 0.2. జపాన్ శాస్త్రవేత్త కియోషి మబుచి బృందం అరటి తొక్క మీద చెప్పు కాలితో అడుగు వేస్తే ఎంత ఘర్షణ ఉంటుందో కొలిచి చూసింది. వచ్చిన విలువ 0.07 దగ్గర. కావలసినదానిలో సగం కూడా లేదన్నమాట. తొక్క లోపలి భాగం నలిగినప్పుడు వచ్చే జిగురే దీనికి కారణమని వారు తేల్చారు. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2014లో ఈ పనికి దక్కింది. తడిసిన నాపరాయి, పాచి పట్టిన మెట్టు, సబ్బునీళ్లు పడిన గచ్చు కూడా చేసేది ఇదే.

మడమ నిలవకపోతే కాలు ముందుకు దూసుకుపోతుంది, మొండెం వెనక ఉండిపోతుంది. కాలికి ఏదైనా తట్టుకుంటే మనిషి బోర్లా పడతాడు. జారితే వెల్లకిలా పడతాడు లేదా చతికిలబడతాడు. ఈలోగా మెదడు ప్రమేయం పెద్దగా లేకుండానే శరీరం తనను తాను నిలబెట్టుకోవాలని చూస్తుంది. రెండు చేతులూ రెక్కల్లా పైకి లేస్తాయి, నడుము వంకర తిరుగుతుంది, రెండో కాలు ఎక్కడో ఒకచోట ఆనుదామని గాల్లో వెతుకుతుంది, కళ్లు పెద్దవవుతాయి, నోరు తెరుచుకుంటుంది. ఇదంతా ఒక సెకను లోపే జరిగిపోతుంది. ఒక్క క్షణం ముందు వరకు తన నడక, తన చేతులు, తన మొహం తన అదుపులో ఉంచుకున్న మనిషి ఇప్పుడు వాటిలో దేనికీ యజమాని కాడు.

ఫ్రెంచి తత్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్ 1900లో నవ్వు గురించి రాసిన చిన్న పుస్తకంలో సరిగ్గా ఈ దృశ్యాన్నే తీసుకున్నాడు. వీధిలో పరుగెడుతున్న మనిషి తూలి పడతాడు, దారినపోయేవారు నవ్వుతారు. అతడు కావాలనే నేల మీద కూర్చున్నాడని అనుకుంటే వాళ్లు నవ్వేవారు కాదని బెర్గ్‌సన్ గమనించాడు. కూర్చోవడంలో నవ్వు లేదు, తనకు తెలియకుండా కూర్చోవలసి రావడంలో ఉంది. దారిలో రాయి ఉన్నప్పుడు నడక మార్చుకోవాలి, పక్కకు తప్పుకోవాలి. ప్రాణమున్న మనిషి చేయవలసింది అది. అలా కాక, ముందు మొదలైన కదలికనే శరీరం యంత్రంలా కొనసాగించడం వల్ల పడ్డాడు. మనిషిలో మనిషి తప్పుకొని యంత్రం బయటపడ్డ క్షణమే నవ్వు పుట్టిస్తుందని ఆయన వాదన. ఇది పడేవాడి వైపు నుంచి మంచి వివరణే. కానీ ఎనభై ఏళ్ల పెద్దావిడ శరీరం కూడా జారేటప్పుడు యంత్రంలాగే కదులుతుంది, అక్కడ నవ్వు రాదు. నవ్వాలంటే గుండె కాసేపు మొద్దుబారాలని బెర్గ్‌సనే అన్నాడు. అది ఎప్పుడు మొద్దుబారుతుంది, ఎప్పుడు బారదు అన్నది చూసేవాడి మెదడులో వెతకవలసిన సంగతి.

తమిళనాడులో పుట్టి అమెరికాలో స్థిరపడిన నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1998లో దీనికి ఒక సమాధానం ఇచ్చారు. నవ్వు అంటే ఉత్తుత్తి ప్రమాద ఘంటిక అని చాటే కేక అని ఆయన ప్రతిపాదన. ఆయన ఉదాహరణ కూడా జారిపడటమే. లావుపాటి మనిషి అరటి తొక్క మీద కాలేసి పడ్డాడు. తల పగిలి నెత్తురు కారితే చూసినవారు నవ్వరు, సాయానికి పరుగెడతారు. అతడు లేచి ఒళ్లు దులుపుకుంటే నవ్వుతారు. రెండు సందర్భాల్లోనూ మొదటి భాగం ఒక్కటే. ఏదో జరగరానిది జరగబోతోందని మనసు ఉలిక్కిపడి బిగుసుకుంటుంది. తర్వాతి క్షణంలో భయపడాల్సిందేమీ లేదని తేలితే, ఆ బిగువు అక్కర్లేనిదైపోతుంది. అప్పుడు వెలువడే లయబద్ధమైన, గట్టి శబ్దం చుట్టూ ఉన్న తనవారికి ఒక సమాచారం: కంగారు పడకండి, ఏమీ కాలేదు, అందరూ పరుగెత్తుకు రానక్కర్లేదు. గుంపుగా బతికిన పూర్వ మానవులకు ఇలాంటి కేక వల్ల శ్రమ, సమయం మిగిలి ఉంటాయని రామచంద్రన్ అంటారు.

ఈ మాట ఒట్టి ఊహ కాదని చెప్పడానికి ఆయన ఒక అరుదైన స్థితిని చూపారు. మెదడులో ఇన్సులా అనే లోపలి మడత దగ్గర దెబ్బతిన్న కొందరికి నొప్పి తెలుస్తుంది గానీ బాధ కలగదు. సూదితో గుచ్చితే గుచ్చుతున్నారని చెప్పగలరు, ఎంత పదునుగా ఉందో చెప్పగలరు, కానీ అబ్బా అనరు. నవ్వుతారు! ప్రమాదం వస్తోందన్న కబురు మెదడులో ఒక చోటికి చేరింది, అది బాధాకరమైనదన్న కబురు చేరవలసిన చోటికి చేరలేదు. మొదలైన హెచ్చరిక మధ్యలోనే వట్టిదైపోయింది, నవ్వు వచ్చింది. పడినవాణ్ని చూసేవారి విషయంలోనూ ఇంతే జరుగుతుంది. తేడా ఏమిటంటే, ఇక్కడ బాధ లేదన్న కబురును మెదడు పడినవాడి ఒంటి మీద నుంచి చదువుకోవాలి.

ఆ చదువు ఎక్కువగా మొహం మీదే సాగుతుంది. ఇటలీలోని మిలానో-బికోక్కా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇబ్బందికరమైన సంఘటనల్లో చిక్కుకున్న మనుషుల ఫొటోలు కొందరికి చూపి, వారి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసి, ఆ ఫలితాలను 2014లో ప్రచురించారు. కొన్ని ఫొటోల్లో దురదృష్టం పాలైన మనిషి మొహంలో తెల్లబోయిన కళ మాత్రమే ఉంది. మరికొన్నింటిలో నొప్పో కోపమో ఉంది. జరిగింది అలాంటి ఘటనే అయినా, తెల్లబోయిన మొహాలు నవ్వు తెప్పించాయి, నొప్పితో ముడుచుకున్న మొహాలు తెప్పించలేదు. మెదడు స్పందనలోని తేడా చిత్రం కనిపించిన సెకను లోపలే మొదలైంది. నవ్వాలా వద్దా అన్న తీర్పును ఆలోచించి ఇవ్వడం లేదని దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆలోచన మొదలయ్యేసరికి తీర్పు అయిపోతుంది, ఒక్కోసారి నవ్వు కూడా అయిపోతుంది.

ఒక పెళ్లి పందిరిని తీసుకొని ఇదంతా వరసగా చూడవచ్చు. భోజనాలు సాగుతున్నాయి, చేతులు కడుక్కునే చోట గచ్చంతా తడి. ఆడపెళ్లివారి తరఫు పెద్దమనిషి ఒకరు పట్టుపంచె, కండువాతో, వరసలన్నీ అజమాయిషీ చేస్తూ, వడ్డన వాళ్లను గదమాయిస్తూ వెనక్కి తిరగకుండా అటు నడిచారు. మడమ జారింది. చేతులు గాల్లోకి లేచాయి, కండువా ఎగిరింది, ఆయన నేల మీద కూలబడ్డారు. మొదటి క్షణంలో పంక్తిలోని వారి చేతులు ఆకుల మీదే ఆగిపోతాయి, ఒకరిద్దరి నోట హఠాత్తుగా కేక వస్తుంది. ఇది నిజమైన భయం. రెండో క్షణంలో అందరి చూపూ ఒకేసారి ఆయన మీద వాలుతుంది. తల నేలకు తగిలిందా? కళ్లు తెరిచి ఉన్నాయా? మొహం నొప్పితో ముడుచుకుందా, లేక ఏం జరిగిందో తెలియక తెల్లబోయిందా? చేతులు నేలకు ఆనించి లేవబోతున్నాడా? ఇవన్నీ ఎవరూ విడివిడిగా అడగరు, కానీ కళ్లు అడిగేస్తాయి. మూడో క్షణంలో ఆయన తడి పంచెను వెనక నుంచి పట్టుకొని చుట్టూ చూస్తారు. అంతే, ఎక్కడో ఒక మూల పిల్లల గుంపులో కిసుక్కుమన్న శబ్దం, ఆ వెంటనే పందిరంతా ఫక్కుమంటుంది.

ఆయనే లేవకుండా పడి ఉంటే? తలో నడుమో పట్టుకొని మూలిగితే? ఆ మొదటి కేకే పెద్దదై, ఎవరో నీళ్లు తెస్తారు, ఎవరో కారు తీయమంటారు. మొదటి క్షణం రెండు కథలకూ ఉమ్మడి. అక్కడ పుట్టిన ఉలికిపాటు ఎటు మళ్లాలో మూడో క్షణం చెబుతుంది.

ఒంటరిగా ఉన్నవారు టీవీలోనో కిటికీలోంచో ఇలాంటి దృశ్యం చూస్తే చాలాసార్లు చిన్న చిరునవ్వుతో సరిపెట్టుకుంటారు. పక్కన ఇంకొకరుంటే అదే పగలబడి నవ్వడమవుతుంది. నవ్వును జీవితాంతం పరిశీలించిన అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్ లెక్క ప్రకారం, మనుషులు ఒంటరిగా ఉన్నప్పటికన్నా నలుగురిలో ఉన్నప్పుడు దాదాపు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతారు. మాటల మధ్య వచ్చే నవ్వుల్లో హాస్యోక్తి లాంటిదేదైనా విని వచ్చేవి అయిదింట ఒకటికి మించవని కూడా ఆయన తేల్చారు. నవ్వు మొదటినుంచీ ఇతరులకు వినిపించడానికి పుట్టిన శబ్దం. చింపాంజీ పిల్లలు ఒకదాన్నొకటి తరుముతూ, కరిచినట్టు నటిస్తూ, దొర్లించుకుంటూ ఆడేటప్పుడు నోరు వదులుగా తెరిచి రొప్పుతున్నట్టు శబ్దం చేస్తాయి. ఇది కొట్లాట కాదు, ఆటే అని ఎదుటిదానికి తెలియజేసే సంకేతం అది. మనిషి నవ్వు మూలాలు అక్కడే ఉన్నాయని జీవశాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. మామూలుగా అయితే హాని అనిపించేది ఇక్కడ హాని కాదు అన్న అర్థం చింపాంజీ రొప్పులోనూ, పెళ్లి పందిట్లో నవ్వులోనూ ఒక్కటే.

ఈ సంకేతం ఎలా పని చేస్తుందో నడక నేర్చుకునే పిల్లల దగ్గర కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కారెన్ అడాల్ఫ్ బృందం 2012లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, ఏడాది నుంచి ఏడాదిన్నర వయసు దాటిన పిల్లలు ఆడుకుంటూ గంటకు సగటున 17 సార్లు పడతారు. ప్రతిసారీ ఏడ్వరు. చాలాసార్లు పడ్డ వెంటనే తల తిప్పి తల్లి మొహం వైపు చూస్తారు. తల్లి హడలిపోతే ఏడుపు లంకించుకుంటారు. ఏం కాలేదు, ఏం కాలేదు అని నవ్వుతూ, నేలను ఒక్కటేసి, చేతులు చాస్తే లేచి మళ్లీ నడుస్తారు. తెలుగిళ్లలో పిల్లవాడు పడిన చోట నేలను కొట్టి నవ్వించే అలవాటు ఈ సూక్ష్మాన్ని ఎవరూ సిద్ధాంతం చెప్పకుండానే పట్టుకుంది. తనకు దెబ్బ తగిలిందో లేదో పసివాడు కొంతవరకు పెద్దవాళ్ల మొహంలో చూసి తెలుసుకుంటాడు.

ఇంతవరకు చెప్పిన దాంట్లో పడినవాడు ఎవరన్న ప్రశ్న లేదు. కానీ పందిట్లో జారింది పెళ్లిపెద్ద కాక, అంట్లు తోమడానికి వచ్చిన మనిషి అయితే నవ్వు అంత పెద్దగా వచ్చేది కాదు. చాలామంది చూసి తల తిప్పుకొనేవారు. ఈ తేడాను చార్లీ చాప్లిన్ బాగా ఎరుగును. 1917 నాటి తన చిత్రం ‘ది అడ్వెంచరర్’లో, పై వసారాలో కూర్చున్న అతని చేతిలోని ఐస్‌క్రీమ్ జారి కింద కూర్చున్న సంపన్న మహిళ వీపులో పడుతుంది. అది ఎవరో పేద పనిమనిషి మీద పడి ఉంటే ప్రేక్షకులు నవ్వే బదులు జాలిపడేవారని, ఆ పనిమనిషికి పోగొట్టుకోవడానికి దర్పమంటూ ఏమీ ఉండదు గనక అక్కడ హాస్యం పుట్టదని చాప్లిన్ మరుసటి ఏడాది ఒక వ్యాసంలో వివరించాడు. పడటం అంటే ఎత్తు నుంచి కిందికి రావడం. ఎత్తు ఎంత ఎక్కువైతే దృశ్యం అంత పెద్దది. ఆ ఎత్తు ఇక్కడ దర్జాలో, హోదాలో, గదమాయింపులో ఉంది.

ఆంగ్ల తత్వవేత్త థామస్ హాబ్స్ పదిహేడో శతాబ్దంలోనే నవ్వును ఈ కోణం నుంచి చూశాడు. ఎదుటివాడి లోపం కనిపించిన క్షణంలో తాను గొప్పవాణ్నని హఠాత్తుగా అనిపించడమే నవ్వుకు మూలమన్నాడు. ఇది నవ్వులన్నిటికీ వర్తించదు. పసిపిల్లాడు పడితే నవ్వే తల్లికి తాను గొప్పదాన్నన్న భావన ఏ కోశానా ఉండదు. అయితే అసూయ ఉన్నచోట హాబ్స్ మాట నిజమవుతుంది. అమెరికాలో మీనా సికారా, సుసాన్ ఫిస్క్ చేసిన ప్రయోగంలో, రకరకాల మనుషులకు చిన్న చిన్న ఇబ్బందులు కలిగిన సంగతులు చూపించి, చూస్తున్నవారి చెంప కండరాల కదలికను పరికరాలతో కొలిచారు. ఆ ఇబ్బందులు ఎలాంటివంటే, దారినపోయే టాక్సీ ఒంటినిండా నీళ్లు చిమ్మడం వంటివి. వృద్ధులకో పేదలకో జరిగినప్పటికన్నా, డబ్బూ దర్జా ఉన్నవారికి జరిగినప్పుడు చిరునవ్వు కండరం ఎక్కువగా కదిలింది. చూసినవారిలో చాలామంది తాము సంతోషించామని పైకి ఒప్పుకోరు, కండరం మాత్రం కదిలిపోయింది. దీన్నిబట్టి ఒకే నవ్వులో రెండు పాళ్లు కలిసి ఉండవచ్చని తెలుస్తుంది. ఒకటి ఏమీ కాలేదన్న ఊరట, రెండోది వాడికి తగిన శాస్తి అన్న తృప్తి. బయటికి వినిపించే శబ్దం మాత్రం ఒకటే.

పడినవాడికి ఈ రెండు పాళ్లూ విడివిడిగా వినపడవు. మహాభారతంలోని మయసభ ఘట్టం దీనికి అన్నిటికన్నా లోతైన ఉదాహరణ. మయుడు కట్టిన సభలో దుర్యోధనుడు స్ఫటికపు నేలను నీళ్లనుకొని బట్టలు పైకెత్తుకుంటాడు. కాసేపటికి నిజమైన నీళ్లను నేలనుకొని అడుగు వేసి బట్టలతో సహా మడుగులో పడతాడు. సేవకులు నవ్వుతారు. ధర్మరాజు ఆజ్ఞతో అతనికి పొడి బట్టలు తెచ్చి ఇస్తారు. ఆ స్థితిలో అతన్ని చూసి భీముడు, అర్జునుడు, నకుల సహదేవులు కూడా నవ్వారని వ్యాస భారతం చెబుతుంది. జనం నోట్లో నానే ద్రౌపది నవ్వు అక్కడి కథనంలో లేదు. హస్తినకు వెళ్లాక దుర్యోధనుడు తండ్రి దగ్గర తన అవమానాన్ని చెప్పుకొనేటప్పుడు, కృష్ణుడు నవ్వాడని, ద్రౌపది కూడా స్త్రీలతో కలిసి నవ్విందని అంటాడు. పడినవాడి మనసులో నవ్వినవారి సంఖ్య ఎలా పెరుగుతుందో వ్యాసుడు ఎంత సూక్ష్మంగా పట్టుకున్నాడో అనిపిస్తుంది. 1977 నాటి ‘దానవీరశూరకర్ణ’ సినిమా ద్వారా ఈ ఘట్టం తెలుగువారి కళ్లలో మరింత గట్టిగా నిలిచిపోయింది.

మయసభలో దెబ్బ తగలలేదు, పొడి బట్టలు కూడా వచ్చాయి. ప్రమాదం లేదన్న కబురుగా చూస్తే ఆ నవ్వులో తప్పు లేదు. కానీ అక్కడ పడినవాడు దాయాదుల సంపద చూసి అప్పటికే లోలోపల కుమిలిపోతున్న రాజు, నవ్వినవారు ఆ సంపదకు యజమానులు. నవ్వు ఊరటతో పుట్టిందా, తృప్తితో పుట్టిందా అని అతడు ఆలోచించే స్థితిలో లేడు. తనవారి మధ్య అయితే క్షణంలో కరిగిపోయే నవ్వు పోటీదారుల మధ్య జూదం దాకా లాక్కెళ్లింది.

నవ్వేవారి తప్పు ఇంకొక రకంగా కూడా జరుగుతుంది. మెదడు చేసే పరిశీలన వేగమైనదే గానీ గట్టిది కాదు. అది చూసేది మొహాన్ని, కదలికను, నెత్తురును. లోపలి దెబ్బ దానికి కనిపించదు. చేతిని నేలకు ఆనించి పడినవారికి మణికట్టు ఎముక విరగవచ్చు, అయినా సిగ్గు కొద్దీ వారు వెంటనే లేచి నిలబడి ఏం కాలేదనే అంటారు. నొప్పి తర్వాత తెలుస్తుంది. పెద్దవయసువారు మెల్లగా కూలబడినట్టే కనిపించినా తుంటి ఎముక విరిగి ఉండవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో ఏటా దాదాపు 6,84,000 మంది పడిపోవడం వల్లే చనిపోతున్నారు, వారిలో ఎక్కువ మంది వయసు మళ్లినవారు. అందువల్ల పడినవాడు లేచాడా లేదా అన్నదాని కన్నా, లేచాక చేతి మీద బరువు వేయగలుగుతున్నాడా, కాలు నేలకు ఆనించగలుగుతున్నాడా, తల తగిలి ఉంటే మాట తడబడుతోందా అన్నది చూడాలి. నవ్వుకు పట్టే సమయంలో ఇవేవీ తెలియవు.

అలాగే, నవ్వు వినిపించిన ప్రతిచోటా హాస్యం ఉండదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ తన ప్రసిద్ధ ప్రయోగంలో, పక్క గదిలోని మనిషికి విద్యుత్ షాకులు ఇస్తున్నామని నమ్మించి 40 మంది చేత మీటలు నొక్కించాడు. వారిలో 14 మందిలో కంగారు నవ్వు స్పష్టంగా కనిపించిందని 1963లో ఆయన రాశాడు. వాళ్లు ఆనందించలేదు. చెమటలు పట్టి, పెదాలు కొరుక్కుంటూ, తమ నవ్వుకు తామే సిగ్గుపడ్డారు. తట్టుకోలేని ఒత్తిడి కూడా అదే కండరాల ద్వారా బయటికి వస్తుంది. పెద్ద దెబ్బ తగిలిన మనిషిని చూసి నవ్విన పిల్లవాణ్ని నాలుగు తగిలించే ముందు పెద్దలు ఈ సంగతి గుర్తుచేసుకోవడం న్యాయం. హాస్యపు నవ్వులో కళ్ల చివర్లు ముడతలు పడతాయి, చూపు పక్కవారి కోసం వెతుకుతుంది. కంగారు నవ్వులో కళ్లు నవ్వవు, అవి పడినవాడి మీదే నిలిచిపోతాయి.

కాలం కూడా తీర్పును మారుస్తుంది. పీటర్ మెక్‌గ్రా, కేలెబ్ వారెన్ బృందం 2012లో చూపిన ప్రకారం, కాలి బొటనవేలికి ఏదో తట్టుకోవడం లాంటి చిన్న సంఘటన నిన్న జరిగిందంటే నవ్వొస్తుంది, అయిదేళ్ల కిందటిదంటే చప్పబడిపోతుంది. కారు గుద్దడం లాంటి పెద్ద సంఘటన నిన్నటిదైతే నవ్వు రాదు, అయిదేళ్ల కిందటిదైతే అందులో నవ్వు దొరుకుతుంది. చిన్న ప్రమాదం దగ్గరగా ఉంటేనే మనసును ఉలిక్కిపడేలా చేయగలదు. పెద్దదానికి దూరం కావాలి, లేకపోతే భయం పోదు. కాలు విరిగి మూడు నెలలు మంచాన ఉన్నవారే ఆ పడిన కథను కొన్నేళ్లకు అభినయించి చెప్పి ఇంటిల్లిపాదినీ నవ్విస్తారు. సినిమాలో పడటాలు సులువుగా నవ్వించడానికి కారణం కూడా ఈ దూరమే. తెర మీది మనిషికి దెబ్బ తగలదని ముందే తెలుసు, అందుకే పరిశీలించే క్షణం అవసరం లేకుండానే నవ్వు మొదలవుతుంది. ఫోన్లలో తిరిగే నిజమైన వీడియోల్లో ఆ హామీ లేదు. అయినా తెర మీద చూసే అలవాటు కొద్దీ మనసు హామీ ఉన్నట్టే నడుచుకుంటుంది. పడిన క్షణం దగ్గరే వీడియో కత్తిరిస్తారు గనక, తర్వాత ఆ మనిషి లేచాడో లేదో చూసేవారికి తెలియదు.

ఇక పడినవాడి చేతిలో ఉన్నది ఒకటుంది. బ్రిటన్‌లో గున్ సెమిన్, ఆంటొనీ మాన్‌స్టెడ్ 1982లో ఒక ప్రయోగం చేశారు. సూపర్‌మార్కెట్‌లో పేర్చి ఉంచిన టాయిలెట్ పేపర్ చుట్టల గుట్టను ఒక మనిషి పొరపాటున తగిలి కూల్చేసే వీడియోలను కొందరికి చూపారు. కొన్నింటిలో అతడు కలవరపడి, సిగ్గుపడ్డాడు. కొన్నింటిలో ఏమీ పట్టనట్టు వెళ్లిపోయాడు. సిగ్గుపడినవాడే చూసినవారికి ఎక్కువగా నచ్చాడు. కాలు జారినప్పుడూ అంతే. మొహం బిగించుకొని, ఎవరూ చూడలేదన్నట్టు లేచి వెళ్లేవాడి వెనక నవ్వు చాలాసేపు వినిపిస్తుంది. సిగ్గుతో నాలుక కరుచుకొని తానూ నవ్వేవాడు, దెబ్బ తగల్లేదన్న కబురును అందరికన్నా ముందు తానే చెప్పినట్టవుతుంది. ఆ కబురు చెప్పే అర్హత నిజానికి అతనికే ఉంది, ఎందుకంటే నొప్పి ఉందో లేదో తెలిసింది అతనికొక్కడికే. అతడు నవ్వాక చుట్టూ ఉన్నవారి నవ్వు స్వభావం మారిపోతుంది. అప్పటిదాకా అతని మీద పడిన నవ్వు, అతన్ని కలుపుకొన్న నవ్వు అవుతుంది. ఆ తర్వాత చేయి అందించడానికి కూడా ఎవరూ సంకోచించరు.